సంవేదన ప్రక్రియా సున్నితత్వం: అంతర్ముఖత్వం, ఆందోళనల నుంచి దాని భేదం

సారాంశం

వెలుతురు, శబ్దం, వాసన, ఎదుటివారి ముఖకవళికల్లో మార్పు వంటి ఉద్దీపనలను కొందరు ఇతరులకంటే లోతుగా గ్రహిస్తారు. అందువల్లనే వారు త్వరగా అలసిపోతారు. ఈ సహజ స్వభావాన్ని మనోవిజ్ఞానంలో ‘సెన్సరీ ప్రాసెసింగ్ సెన్సిటివిటీ’ అంటారు. ఈ వ్యాసంలో దానికి ‘సంవేదన ప్రక్రియా సున్నితత్వం’ అనే పదబంధాన్ని, క్లుప్తంగా ‘సున్నితత్వం’ అనే మాటను వాడడం జరిగింది. బయటికి కనిపించే ప్రవర్తనలో ఇది అంతర్ముఖత్వాన్ని, ఆందోళనను పోలి ఉంటుంది. ఆ పోలిక ఎక్కడ ముగుస్తుందో, ఈ మూడింటినీ ఏ ప్రశ్నలతో వేరుచేయవచ్చో, మాపనితో కొలిచినప్పుడు అవి మళ్లీ ఎలా కలగలిసిపోతాయో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: సంవేదన ప్రక్రియా సున్నితత్వం, సహజ స్వభావం, అంతర్ముఖత్వం, ఆందోళన, న్యూరోటిసిజం, పాక్షిక సహసంబంధం.

1. ఉపోద్ఘాతం

తరగతి గదిలో మాట్లాడని విద్యార్థి గురించి అధ్యాపకులు సాధారణంగా రెండు నిర్ణయాలలో ఒకదానికి వస్తారు. ఆ విద్యార్థి స్వతహాగా మితభాషి అనుకుంటారు, లేదా భయపడుతున్నాడనుకుంటారు. మొదటిది అంతర్ముఖత్వానికి, రెండవది ఆందోళనకు లోకవ్యవహారంలోని పేర్లు. మూడవ అవకాశం ఒకటి ఉంది. ఆ విద్యార్థికి మనుషులంటే ఇష్టమే, భయమూ లేదు. అయితే గదిలోని ఫ్యాను చప్పుడు, కిటికీ అవతలి వాహనాల మోత, పక్కవారి గుసగుసలు, అధ్యాపకుని గొంతులోని విసుగు అన్నీ ఒకేసారి అతని దృష్టికి వస్తున్నాయి. వాటన్నిటినీ సర్దుకొని సమాధానం చెప్పేలోగా చర్చ ముందుకు సాగిపోతుంది.

మౌనం ఒకటే అయినా కారణాలు మూడు. కారణం మారితే చేయవలసిన పనీ మారుతుంది. భయపడే విద్యార్థికి ఆ సందర్భాన్ని క్రమంగా అలవాటు చేయాలి. అంతర్ముఖుడి విషయంలో సరిదిద్దవలసిందేమీ లేదు. సున్నితత్వం గల విద్యార్థికి కావలసింది కొంత నిశ్శబ్దం, ఆలోచించుకునే వ్యవధి. ఈ ముగ్గురినీ ఒకే గాటన కట్టినప్పుడు కనీసం ఇద్దరికి పొరపాటు సలహా అందుతుంది. పరిశోధనలో అదే పొరపాటు జరిగితే ఒక లక్షణానికి చెందిన ఫలితాలు మరొక లక్షణం పేరిట నమోదవుతాయి.

2. భావన ఏర్పడిన తీరు

సున్నితత్వాన్ని ప్రత్యేక స్వభావ లక్షణంగా ప్రతిపాదించినవారు అమెరికా మనోవిజ్ఞానవేత్తలు ఎలైన్ ఆరన్, ఆర్థర్ ఆరన్. వారి పరిశోధన పత్రం 1997లో ‘జర్నల్ ఆఫ్ పర్సనాలిటీ అండ్ సోషల్ సైకాలజీ’లో వెలువడింది. అందులో ఏడు అధ్యయనాలు ఉన్నాయి. తమను తాము సున్నిత స్వభావులుగా భావించే సుమారు 40 మందితో జరిపిన సుదీర్ఘ ముఖాముఖీలతో మొదటి అధ్యయనం సాగింది. ఆ సంభాషణల్లో పదేపదే వినవచ్చిన అనుభవాల ఆధారంగా ప్రశ్నలు రూపొందించి, వాటిని పెద్ద నమూనాలపై పరీక్షించి, చివరకు 27 అంశాల మాపనిని తయారుచేశారు. ‘హైలీ సెన్సిటివ్ పర్సన్ స్కేల్’గా ప్రసిద్ధమైనది అదే. అందులో వెలుతురు, వాసన, ముతక బట్ట, పెద్ద శబ్దం వంటి వాటి ప్రభావం గురించి అడుగుతారు. సంగీతమూ కళలూ కదిలించే తీరు గురించి, ఒకేసారి అనేక పనులు మీదపడినప్పటి స్థితి గురించి, ఇతరులు గమనిస్తుండగా పనిచేయవలసి వచ్చినప్పటి తడబాటు గురించి కూడా అడుగుతారు.

ఈ భావనలో ముఖ్యంగా గ్రహించవలసినది ‘ప్రక్రియ’ అనే మాట. సున్నితత్వం అంటే కళ్లు, చెవులు ఇతరులకంటే చురుకుగా ఉండడం కాదు. సున్నితత్వం గల వ్యక్తికి కంటి అద్దాలు అవసరం కావచ్చు, వినికిడి సామాన్యంగానే ఉండవచ్చు. ఇంద్రియాల ద్వారా చేరిన సమాచారాన్ని నాడీవ్యవస్థ ఎంత వివరంగా, ఎంత లోతుగా పరిశీలిస్తుందన్నదే ఇక్కడి విషయం. కొత్త పరిస్థితి ఎదురైనప్పుడు వెంటనే చేతల్లోకి దిగకుండా ఆగి చూడడం, గత అనుభవంతో పోల్చుకోవడం, సూక్ష్మభేదాలను పట్టుకోవడం ఈ లోతైన పరిశీలన ఫలితాలు. పరిశీలన లోతుగా సాగితే శక్తీ ఎక్కువ ఖర్చవుతుంది. అందువల్ల ఉద్దీపనలు పెరిగినకొద్దీ అలసట త్వరగా వస్తుంది. అంటే సూక్ష్మగ్రహణశక్తి, త్వరగా అలసిపోవడం అనేవి రెండు వేర్వేరు గుణాలు కావు. ఒకే ప్రక్రియకు ఉన్న రెండు పార్శ్వాలు.

దీనిని వ్యాధిగా కాక సహజ స్వభావంగా పరిగణించడానికి ఆధారాలు ఉన్నాయి. ఇది బాల్యంనుంచే కనిపిస్తుంది, కొంతమేరకు అనువంశికమైనది. కవలలైన కౌమారులపై ఎల్హామ్ అస్సారీ, మైఖేల్ ప్లూస్ తదితరులు జరిపిన అధ్యయనంలో వ్యక్తుల మధ్య సున్నితత్వ భేదాలలో సుమారు 47 శాతం జన్యుపరమైన భేదాలతో ముడిపడి ఉన్నట్లు తేలింది. జనాభాలో దీని విస్తరణ కూడా ‘ఉంది, లేదు’ అన్న పద్ధతిలో ఉండదు. ఫ్రాన్చెస్కా లియోనెట్టి బృందం 2018లో ప్రచురించిన విశ్లేషణలో వ్యక్తులు మూడు సమూహాలుగా కనిపించారు. సుమారు 31 శాతం మందిలో సున్నితత్వం అధికంగా, 40 శాతం మందిలో మధ్యస్థంగా, 29 శాతం మందిలో తక్కువగా ఉంది. మూడింట ఒక వంతు మందిలో బలంగా కనిపించే లక్షణాన్ని రుగ్మత అనడం కుదరదు. మానసిక రుగ్మతల వర్గీకరణ గ్రంథమైన డీఎస్ఎం-5లో దీనికి స్థానం లేకపోవడం ఈ దృష్టికి అనుగుణంగానే ఉంది.

3. అంతర్ముఖత్వంతో పోలిక, భేదం

సున్నితత్వాన్ని అంతర్ముఖత్వంగా పొరబడడానికి చారిత్రక కారణం ఒకటుంది. బ్రిటన్‌కు చెందిన హాన్స్ ఐసెంక్ 1967లో ప్రతిపాదించిన సిద్ధాంతం ప్రకారం అంతర్ముఖుల మెదడు సహజంగానే అధిక ఉత్తేజిత స్థితిలో ఉంటుంది. కాబట్టి బయటి ఉద్దీపన కొద్దిగా పెరిగినా వారికి అది మితిమీరినట్లు తోస్తుంది. నాలుకపై నిమ్మరసం చుక్క వేసినప్పుడు అంతర్ముఖుల్లో లాలాజలం ఎక్కువగా ఊరుతుందని చూపిన ప్రయోగాలు ఆ కాలపు పరిశోధనల్లో ప్రసిద్ధమైనవి. అంతర్ముఖత్వానికి ఇచ్చిన ఈ శారీరక వివరణ నిజానికి ఉద్దీపనలపట్ల సున్నితత్వానికి సంబంధించిన వివరణే. అయితే అంతర్ముఖత్వాన్ని కొలిచే ప్రశ్నలు క్రమంగా సాంఘికత వైపు మొగ్గాయి. విందులు ఇష్టమా, కొత్తవారితో త్వరగా కలుస్తారా, నలుగురిలో హుషారుగా ఉంటారా అన్నవి ఆ ప్రశ్నలు. వివరణ ఒకదాని గురించి, కొలత మరొకదాని గురించి అయింది.

ఆరన్ దంపతుల పత్రం ఈ ముడిని విప్పే ప్రయత్నం. సున్నితత్వానికీ, సాంఘిక అంతర్ముఖత్వానికీ, ఉద్వేగశీలతకూ కొంత సంబంధం ఉన్నప్పటికీ, ఆ రెండింటి ప్రభావాన్ని తీసివేసిన తర్వాత కూడా సున్నితత్వం పాక్షికంగా స్వతంత్ర చలరాశిగా నిలుస్తుందని వారు చూపారు. సున్నితత్వం అధికంగా ఉన్నవారిలో సుమారు 30 శాతం మంది సాంఘికంగా బహిర్ముఖులేనని ఎలైన్ ఆరన్ పేర్కొన్నారు. లియోనెట్టి బృందం 2019లో వెలువరించిన మెటా విశ్లేషణ ఈ భేదాన్ని మరింత స్పష్టం చేసింది. మూర్తిమత్వపు ఐదు ప్రధాన లక్షణాలతో సున్నితత్వాన్ని పోల్చి చూసినప్పుడు, వయోజనులలో బహిర్ముఖత్వంతో దానికి చెప్పుకోదగిన సంబంధం కనిపించలేదు. న్యూరోటిసిజంతో సుమారు 0.40, అనుభవాలపట్ల నిష్కపటతతో సుమారు 0.14 సహసంబంధం కనిపించింది.

ఈ అంకెల సారాంశం సులభమైనది. అంతర్ముఖత్వం ప్రధానంగా మనుషుల సాంగత్యంలో దొరికే ఆకర్షణకు, సంతోషానికి సంబంధించినది. అంతర్ముఖుడికి సభ బాధ కలిగించనవసరం లేదు. అది అతణ్ని అంతగా లాగదు, అంతే. సున్నితత్వం ఉద్దీపనకు సంబంధించినది. ఆ ఉద్దీపన మనుషుల నుంచి రావచ్చు, యంత్రం నుంచి రావచ్చు, కవిత నుంచి కూడా రావచ్చు. కాబట్టి ఒంటరిగా ఉన్నా సున్నిత స్వభావికి అలసట కలగవచ్చు. రద్దీ బస్సులో ఎవరితోనూ ఒక్క మాటైనా మాట్లాడకుండా రెండు గంటలు ప్రయాణించి దిగినప్పటి అలసట అటువంటిదే. దీనికి విరుద్ధంగా, నిశ్శబ్దమైన ఇంట్లో ఆత్మీయ మిత్రులతో అర్ధరాత్రి దాకా సాగిన సంభాషణ అతనికి ఉత్సాహం ఇవ్వవచ్చు.

4. ఆందోళనతో పోలిక, భేదం

ఆందోళనతో భేదాన్ని నిర్ణయించడం మరింత కష్టం. న్యూరోటిసిజంతో సహసంబంధం 0.40 దాకా ఉండడమే అందుకు నిదర్శనం. ఆందోళనకు కేంద్రం రాబోయే ముప్పు. ఏదో చెడు జరుగుతుందన్న ఊహ, దానిని అదుపు చేయలేమన్న భావం, ఆ సందర్భాన్ని తప్పించుకోవాలన్న తహతహ దానిలోని అంశాలు. సాంఘిక ఆందోళనలో ఆ ముప్పు ఇతరుల ప్రతికూల అభిప్రాయం. సాధారణీకృత ఆందోళన రుగ్మతను నిర్ధారించడానికి డీఎస్ఎం-5 పెట్టిన ప్రమాణాలలో కనీసం ఆరు నెలలపాటు, ఎక్కువ రోజులలో, అదుపు చేయడం కష్టమయ్యే చింత ఉండాలి. దానివల్ల బాధ గాని, దైనందిన జీవితానికి ఆటంకం గాని కలగాలి. సున్నితత్వానికి ఇటువంటి ముప్పు భావన అవసరం లేదు. అది ప్రధానంగా ఎదుట ఉన్న ఉద్దీపనకు వచ్చే స్పందన.

రెండింటినీ వేరుచేసే బలమైన ఆధారం అనుకూల పరిస్థితులలో కనిపిస్తుంది. ఆందోళన ప్రధానంగా ప్రతికూల దిశలో పనిచేస్తుంది. సున్నితత్వం రెండు దిశలలోనూ పనిచేస్తుంది. చెడు వాతావరణంలో ఎక్కువ నష్టం, మంచి వాతావరణంలో ఎక్కువ లాభం కలుగుతాయి. జే బెల్‌స్కీ దీనిని భేదాత్మక ప్రభావశీలత అన్న సిద్ధాంతంగా రూపొందించారు. థామస్ బోయ్స్, బ్రూస్ ఎల్లిస్‌లు 2005లో సందర్భంపట్ల జైవిక సున్నితత్వం అన్న పేరుతో ఇటువంటి ఆలోచననే ప్రతిపాదించారు. ఎక్కడైనా పెరిగే డాండెలియన్ మొక్కను, శ్రద్ధగా పెంచితేనే వికసించే ఆర్కిడ్‌ను వారు ఉపమానాలుగా తీసుకున్నారు.

దీనికి విద్యారంగం నుంచి ఒక నిదర్శనం ఉంది. మైఖేల్ ప్లూస్, ఇలోనా బోనివెల్‌లు 2015లో ప్రచురించిన అధ్యయనంలో లండన్‌లోని ఒక బాలికల పాఠశాలలో సుమారు 11 ఏళ్ల వయసున్న విద్యార్థినులకు మానసిక స్థైర్యాన్ని పెంచే కార్యక్రమం నిర్వహించారు. సున్నితత్వం ఎక్కువగా ఉన్న బాలికలలో కుంగుబాటు లక్షణాలు తగ్గాయి. ఏడాది తర్వాతి పరిశీలనలోనూ ఆ మేలు నిలిచింది. సున్నితత్వం తక్కువగా ఉన్నవారిలో ఆ ప్రభావం కనిపించలేదు. అదే పాఠశాల, అదే కార్యక్రమం. ఫలితంలో తేడాకు ఆధారం స్వభావం. సున్నితత్వం ఆందోళనకు మరో పేరు మాత్రమే అయితే ఈ అదనపు లాభాన్ని వివరించడం కష్టం.

అయినా రెండూ తరచుగా కలిసి ఎందుకు కనిపిస్తాయి? 1997 నాటి పత్రంలోనే దీనికి ఒక సమాధానం ఉంది. సున్నిత స్వభావులలో రెండు సమూహాలు కనిపించాయి. చిన్న సమూహం బాల్యం కష్టంగా గడిచిందని చెప్పినవారిది. పెద్ద సమూహం, సున్నితత్వం తప్ప మిగిలిన విషయాలలో ఇతరుల వంటిదే. అంటే సున్నితత్వం ఆందోళనకు నేరుగా కారణం కాదు. కష్టమైన బాల్యంతో కలిసినప్పుడు అది ఆందోళనకు, బిడియానికి అనువైన నేల అవుతుంది. ఆరన్ బృందం 2005లో వయోజనుల బిడియంపై ప్రచురించిన అధ్యయనాలు కూడా ఇటువంటి అంతఃక్రియనే సూచించాయి. ఈ నిర్ణయానికి ఒక పరిమితి ఉంది. బాల్యం గురించిన సమాచారం పెద్దయ్యాక గుర్తుచేసుకొని చెప్పినది. ప్రస్తుతం ఆందోళనలో ఉన్న వ్యక్తి గతాన్ని కూడా చీకటిగా చూసే అవకాశం ఉంటుంది.

5. ఒక సందర్భం, ముగ్గురు విద్యార్థినులు

పై భేదాలు ఆచరణలో ఎలా కనిపిస్తాయో చూడడానికి ఒక కల్పిత ఉదాహరణను తీసుకోవచ్చు. కళాశాల వార్షికోత్సవం జరుగుతోంది. వేదికకు రెండు వైపులా పెద్ద స్పీకర్లు, రంగుల లైట్లు, కిక్కిరిసిన ప్రాంగణం. రాత్రి తొమ్మిది గంటలకు ముగ్గురు విద్యార్థినులు కార్యక్రమం మధ్యలో లేచి హాస్టల్‌కు వెళ్లిపోయారు. హాజరు పుస్తకంలో ముగ్గురిదీ ఒకే ప్రవర్తన.

మొదటి విద్యార్థిని నిర్వాహక బృందంలో ఉంది. పదిహేను రోజులుగా అందరితో మాట్లాడి పనులు చక్కబెట్టింది. కార్యక్రమం కోసం ఉత్సాహంగా ఎదురుచూసింది. గంటన్నర గడిచేసరికి తల బరువెక్కింది, ఎదుటివారి మాట బుర్రకెక్కడం మానేసింది. గదికి వెళ్లి దీపం ఆర్పి అరగంట పడుకుంది. తర్వాత మేడ మీద స్నేహితురాళ్లతో కూర్చొని చాలాసేపు కబుర్లు చెప్పింది. మరునాడు రెండో పాటలో తబలా శ్రుతి తగ్గిన సంగతి ఆమెకే గుర్తుంది.

రెండవ విద్యార్థినికి శబ్దంతో ఇబ్బంది లేదు. చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకొని పెద్దగా పాటలు వింటూ చదువుకునే అలవాటు ఆమెది. వార్షికోత్సవం గురించి ముందుగా భయమూ లేదు, ఆత్రమూ లేదు. కొంతసేపు చూసింది, చాలనిపించింది, చదువుతున్న నవల వద్దకు తిరిగి వెళ్లింది. తర్వాత ఆ సంగతి ఆమె మనసులో మెదలలేదు.

మూడవ విద్యార్థినికి మూడు రోజుల ముందునుంచే నిద్ర సరిగా పట్టలేదు. ఎవరైనా వేదిక మీదికి పిలుస్తారేమో, మాట తడబడితే అందరూ నవ్వుతారేమో అన్నదే ఆలోచన. లేచి వచ్చేయగానే ఊరట కలిగింది. గదికి చేరాక మాత్రం తాను వెళ్లిపోవడం ఎవరెవరు చూశారో, ఏమనుకున్నారో అన్న తలపులు మొదలయ్యాయి. తప్పించుకున్నందువల్ల కలిగిన ఆ ఊరటే మరుసటిసారి తప్పించుకోవడానికి ప్రోత్సాహమవుతుంది.

ఈ ముగ్గురినీ వేరుచేసిన ప్రశ్నలు మూడు. సందర్భానికి ముందు ఏమి జరిగింది? సందర్భంలో భారంగా తోచినది ఏమిటి? అక్కడినుంచి బయటపడ్డాక మనసు ఎలా ఉంది? మొదటి విద్యార్థినిలో ముందు ఉత్సాహం, మధ్యలో ఉద్దీపనల భారం, తర్వాత విశ్రాంతితో కోలుకోవడం ఉన్నాయి. రెండవ విద్యార్థినిలో మూడు దశల్లోనూ ప్రశాంతతే ఉంది. మూడవ విద్యార్థినిలో మూడు దశల్లోనూ ఇతరుల దృష్టిని గురించిన చింత ఉంది.

సందేహం మిగిలినప్పుడు సందర్భాలను మార్చి చూడవచ్చు. మనుషులు లేకుండా శబ్దం మాత్రమే ఉన్న చోటు ఒకటి, శబ్దం లేకుండా తీర్పు చెప్పే మనుషులు మాత్రమే ఉన్న చోటు మరొకటి తీసుకోవాలి. జనరేటరు పక్క గదిలో ఒంటరిగా చదువుకోవలసి వస్తే ప్రధానంగా ఇబ్బంది పడేది మొదటి విద్యార్థిని. ప్రశాంతమైన గదిలో నలుగురు పరీక్షకుల ఎదుట వైవా ఉంటే ఎక్కువగా కుంగేది మూడవ విద్యార్థిని. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. ఇతరులు గమనిస్తున్నప్పుడు సున్నిత స్వభావులూ తడబడతారు. ఎదుటివారి చూపు కూడా ఒక ఉద్దీపనే. కాబట్టి వైవాలోని తడబాటును మాత్రమే చూసి నిర్ణయానికి రాకూడదు. రోజుల ముందునుంచి సాగిన చింత, తర్వాత కొనసాగిన నెమరువేత ఉన్నాయా లేవా అన్నది చూడాలి. ఒకే వ్యక్తిలో రెండు లేదా మూడు లక్షణాలూ కలిసి ఉండడం కూడా సాధ్యమే.

6. మాపనిలోని చిక్కు

వ్యక్తిని ప్రశ్నించి తెలుసుకున్నప్పుడు స్పష్టమయ్యే భేదం, మాపనిలో మొత్తం స్కోరును చూసినప్పుడు మసకబారుతుంది. దీనికి కారణం 27 అంశాల మాపని నిర్మాణంలోనే ఉంది. స్మొలెవ్‌స్కా, మెక్‌కేబ్, వూడీలు 2006లో కారక విశ్లేషణ జరిపి అందులో మూడు కారకాలను గుర్తించారు. మొదటిది సులభంగా ఉత్తేజితం కావడం, అంటే పనులు, ఒత్తిళ్లు ఎక్కువైనప్పుడు త్వరగా తట్టుకోలేని స్థితికి చేరడం. రెండవది సంవేదన అవధి తక్కువగా ఉండడం, అంటే వెలుతురు, శబ్దం వంటివి కొద్ది మోతాదులోనే ఇబ్బందిగా తోచడం. మూడవది సౌందర్య సున్నితత్వం, అంటే కళలనూ సూక్ష్మమైన రుచులనూ వాసనలనూ గాఢంగా ఆస్వాదించడం. మొదటి రెండు కారకాలు న్యూరోటిసిజంతో, మూడవది ప్రధానంగా అనుభవాలపట్ల నిష్కపటతతో సంబంధం చూపాయి.

మాపనిలో మొదటి రెండు కారకాలకు చెందిన అంశాలే ఎక్కువ. వాటిలో చాలా ప్రశ్నలు ఉద్దీపనను గ్రహించారా అని కాక, దానివల్ల బాధపడ్డారా అని అడుగుతాయి. బాధను అడిగే ఏ ప్రశ్నకైనా న్యూరోటిసిజం ఎక్కువగా ఉన్నవారు అవునని చెప్పే అవకాశం ఎక్కువ. ఈ కారణంగానే హెల్విగ్, రోత్ వంటి విమర్శకులు 2021లో మాపని కొలుస్తున్నది నిజంగా కొత్త లక్షణమా, లేక న్యూరోటిసిజం, నిష్కపటతల కలయికా అని ప్రశ్నించారు. ఈ విమర్శను తోసిపుచ్చడం తేలిక కాదు.

దీని పర్యవసానాన్ని ఒక లెక్కతో చూడవచ్చు. ఇందులోని అంకెలు ఉదాహరణకు ఊహించినవి. ఒక పరిశోధకుడు సున్నితత్వానికీ (x), పరీక్షల ఆందోళనకూ (y) మధ్య 0.30 సహసంబంధాన్ని కనుగొన్నాడనుకుందాం. న్యూరోటిసిజం (z) కూడా కొలిచి ఉంటే, సున్నితత్వంతో దానికి 0.40, పరీక్షల ఆందోళనతో 0.60 సహసంబంధం వచ్చిందనుకుందాం. న్యూరోటిసిజం ప్రభావాన్ని తీసివేసే పాక్షిక సహసంబంధ సూత్రం ఇది:

r_xy.z = (r_xy − r_xz × r_yz) / √[(1 − r_xz²)(1 − r_yz²)]

లవంలో 0.30 నుంచి 0.24 తీసివేస్తే 0.06 మిగులుతుంది. హారంలో 0.84, 0.64 ల లబ్ధానికి వర్గమూలం సుమారు 0.73. ఫలితం సుమారు 0.08. మొదట 0.30గా కనిపించిన సంబంధంలో సున్నితత్వానికి ప్రత్యేకంగా చెందినది దాదాపు ఏమీ లేదు. అదే మొదటి సహసంబంధం 0.55 అయి ఉంటే, లవం 0.31, ఫలితం సుమారు 0.42 అవుతుంది. అప్పుడు సున్నితత్వానికి స్వంత పాత్ర ఉందని చెప్పవచ్చు. న్యూరోటిసిజాన్ని కొలవని అధ్యయనంలో ఈ రెండు పరిస్థితులలో ఏది నిజమో తెలుసుకునే మార్గమే ఉండదు.

అయితే పాక్షిక సహసంబంధం కూడా సంపూర్ణ పరిష్కారం కాదు. కష్టమైన బాల్యం గడిపిన సున్నిత స్వభావిలో న్యూరోటిసిజం సున్నితత్వపు ఫలితమే కావచ్చు. ఫలితాన్ని తీసివేస్తే కారణంలోని కొంత భాగమూ తొలగిపోతుంది. అందువల్ల తీసివేయకముందు, తీసివేసిన తర్వాత వచ్చిన రెండు విలువలనూ నివేదించడం, మూడు కారకాల స్కోర్లను విడివిడిగా చూపడం సమంజసం. వీలైన చోట అనుకూల వాతావరణానికి వచ్చే స్పందనను కూడా కొలవాలి. సున్నితత్వాన్ని న్యూరోటిసిజం నుంచి వేరుచేసే అంశం అక్కడే బయటపడుతుంది.

7. తెలుగులో కొలిచేటప్పుడు

మాపనిని తెలుగులోకి తెచ్చేటప్పుడు ఈ చిక్కు మరో రూపంలో ఎదురవుతుంది. ఆంగ్ల మాపనిలో పదేపదే వచ్చే భావం, ఉద్దీపన మోయగలిగినదానికంటే మించిపోవడం. దీనికి తెలుగులో తోచే మాటలు కొన్ని ఉన్నాయి. ‘కంగారు పడతారా’ అని అడిగితే ప్రశ్న ఆందోళన వైపు మొగ్గుతుంది. ‘చిరాకు పడతారా’ అంటే కోపం వైపు, ‘బెదురుతారా’ అంటే భయం వైపు పోతుంది. ‘ఉక్కిరిబిక్కిరి అవుతారా’ అన్నది మూలభావానికి దగ్గరిదే గాని తీవ్రత ఎక్కువ. ‘తట్టుకోలేనంతగా అనిపిస్తుందా’ అన్న వర్ణనాత్మక వాక్యం వీటికంటే తటస్థంగా ఉంటుంది.

సున్నితం అనే మాటకూ వ్యవహారంలో ఒక బరువు ఉంది. ‘ఆమెది సున్నితమైన మనసు’ అన్నప్పుడు త్వరగా నొచ్చుకునే స్వభావం అన్న అర్థమే ముందు స్ఫురిస్తుంది. వేదికపై మాపని పేరుగా ఆ మాటను ముద్రిస్తే, మొహమాటం కొద్దీ కొందరు, ముఖ్యంగా పురుషులు, తక్కువ స్కోరు వచ్చేలా సమాధానాలు ఇవ్వవచ్చు. ప్రశ్నపత్రంపై తటస్థమైన శీర్షిక ఉంచడం మంచిది. బిడియం, సిగ్గు, బెరుకు, మొహమాటం అన్న మాటలు కూడా ప్రశ్నల్లో కలగకుండా చూడాలి. అవి సాంఘిక సందర్భానికి చెందినవి, సంవేదన ప్రక్రియకు చెందినవి కావు.

అనువాదం తర్వాత తిరుగు అనువాదం జరపడం అలవాటైన పద్ధతి. ఇక్కడ అది చాలదు. ‘కంగారు’ అన్న మాట తిరిగి ఆంగ్లంలోకి వెళ్లినప్పుడు మూలానికి దగ్గరి పదంగానే కనిపించి, దోషం దాగిపోవచ్చు. కొద్దిమంది తెలుగు పాఠకులతో ఒక్కొక్క ప్రశ్న చదివించి, వారికి ఏ సందర్భం గుర్తుకు వచ్చిందో చెప్పించుకోవాలి. శబ్దం గురించిన ప్రశ్నకు ఎక్కువమంది పరీక్షనో, పై అధికారినో గుర్తుచేసుకుంటే ఆ ప్రశ్న ఆందోళనను కొలుస్తోందని గ్రహించి మార్చాలి. కారక విశ్లేషణకు ముందే ఈ పని జరగాలి. ప్రశ్నలోనే చేరిన ఆందోళనను తర్వాతి గణాంక ప్రక్రియ పూర్తిగా వేరుచేయలేదు.

8. ముగింపు

అంతర్ముఖత్వం మనుషుల సాంగత్యం ఎంతగా ఆకర్షిస్తుందన్న ప్రశ్నకు సమాధానం. ఆందోళన రాబోయే ముప్పును మనసు ఎంతగా ఊహిస్తుందన్న ప్రశ్నకు సమాధానం. సంవేదన ప్రక్రియా సున్నితత్వం అందిన ఉద్దీపనను నాడీవ్యవస్థ ఎంత లోతుగా పరిశీలిస్తుందన్న ప్రశ్నకు సమాధానం. మొదటి భేదానికి ఆధారాలు బలంగా ఉన్నాయి. రెండవ భేదం సిద్ధాంతంలో స్పష్టంగా ఉన్నా, ప్రస్తుత మాపని దానిని పూర్తిగా నిలబెట్టలేకపోతోంది. అనుకూల వాతావరణంలో సున్నిత స్వభావులు పొందే అదనపు లాభమే ఆ భేదానికి ఇంతవరకు లభించిన గట్టి ఆధారం. కాబట్టి ఈ రంగంలో చేపట్టే అధ్యయనం బాధను మాత్రమే కాక, మేలుకు వచ్చే స్పందనను కూడా కొలిచినప్పుడే అది సున్నితత్వాన్ని గురించిన అధ్యయనమవుతుంది. లేకపోతే అది కొత్త పేరుతో ఆందోళనను మళ్లీ కొలవడంతోనే ముగుస్తుంది.